ప్రతిక్షేపణా, తొలగింపా: ముందు గుణకాలను చూడండి

ప్రశ్న: మా అమ్మాయి పదో తరగతి చదువుతోంది. రెండు చరరాశులలో రేఖీయ సమీకరణాల జతల మీద బడిలో ఒక వర్క్‌షీట్ ఇచ్చారు. ప్రతి జతనూ తగిన పద్ధతిలో సాధించి, ఆ పద్ధతినే ఎందుకు ఎంచుకున్నారో ఒక వాక్యంలో రాయమన్నారు. అమ్మాయికి ప్రతిక్షేపణ బాగా వచ్చు కనుక అన్నింటినీ దానితోనే చేస్తోంది. రెండో లెక్క పేజీన్నర సాగి చివరికి తప్పింది. నాలుగో లెక్కలో 54 = 40 అని వచ్చేసరికి ఎక్కడ తప్పు చేశానా అని చాలాసేపు వెతుక్కుంది. ఏ జతకు ఏ పద్ధతి వాడాలో, ఎందుకు వాడాలో ఎలా తెలుసుకోవాలి? జతలు ఇవి:

(1) y = 2x − 5; 3x + 4y = 13
(2) 6x + 5y = 8; 4x − 3y = 18
(3) 2x + 5y = 3; x − 3y = 7
(4) 4x − 6y = 9; 6x − 9y = 10
(5) 9x + 7y = 107; 7x + 9y = 101
(6) x/2 + y/3 = 4; x/4 − y/6 = 0

సమాధానం: కలం కాగితం మీద పెట్టే ముందు మీ అమ్మాయి చూడవలసినవి ఆ జతలోని నాలుగు గుణకాలు, అంటే రెండు సమీకరణాలలోనూ x ముందు, y ముందు ఉన్న సంఖ్యలు. వాటిలో ఏదైనా ఒకటి 1 గాని −1 గాని అయితే ప్రతిక్షేపణ హాయిగా సాగుతుంది. నాలుగింటిలో ఏదీ అలా లేకపోతే తొలగింపు పద్ధతికి వెళ్లడం మంచిది. దీనికి ఒక ముఖ్యమైన మినహాయింపు ఉంది, దానిని తర్వాత చెబుతాను. ముందుగా ఈ నియమం వెనుక ఉన్న కారణం తెలియాలి, ఎందుకంటే వర్క్‌షీట్ అడుగుతున్న ఆ ఒక్క వాక్యం అక్కడి నుంచే వస్తుంది.

రెండు పద్ధతులూ చేసే పని ఒక్కటే. రెండు చరరాశులున్న రెండు సమీకరణాల నుంచి ఒకే చరరాశి ఉన్న ఒక సమీకరణాన్ని తయారు చేస్తాయి. తేడా అంతా అక్కడికి చేరే దారిలో ఉంది. ప్రతిక్షేపణలో ఒక చరరాశిని ఒంటరిగా ఒకవైపు నిలబెట్టాలి కనుక దాని గుణకంతో మిగిలిన పదాలన్నింటినీ భాగించాలి. గుణకం 1 అయితే ఆ భాగహారం ఉన్నా లేనట్టే, −1 అయితే గుర్తులు మాత్రమే మారతాయి. గుణకం 6 అయితే మాత్రం మొదటి మెట్టులోనే హారంలో 6 వచ్చి కూర్చుంటుంది, ఆపైన ప్రతి మెట్టులోనూ దానిని మోయవలసి వస్తుంది. తొలగింపు పద్ధతిలో మొదట జరిగేది గుణకారం. పూర్ణసంఖ్యలను పూర్ణసంఖ్యలతో గుణిస్తే, కూడితే, తీసివేస్తే వచ్చేవి పూర్ణసంఖ్యలే కనుక, భాగహారం చిట్టచివరి మెట్టులో ఒక్కసారి మాత్రమే వస్తుంది. ఒక పద్ధతి భాగహారాన్ని మొదటే చేయిస్తుంది, రెండోది చివరి దాకా వాయిదా వేస్తుంది. గుణకాలను చూసి నిర్ణయించమనడానికి కారణం ఇదే.

మొదటి జతలో y ఇప్పటికే ఒంటరిగా ఉంది, అక్కడ ఆలోచించవలసింది లేదు. రెండో సమీకరణంలో y స్థానంలో 2x − 5 ఉంచితే 3x + 8x − 20 = 13 వస్తుంది. అంటే 11x = 33, కనుక x = 3, y = 1. ఇలాంటి జతను తొలగింపుతో చేయాలంటే ముందుగా మొదటి సమీకరణాన్ని తిరగరాసి, చరరాశులను ఒక వరుసలోకి తేవాలి. అది అనవసరమైన పని.

మూడో జతలో రెండో సమీకరణంలోని x గుణకం 1. అక్కడి నుంచి x = 7 + 3y అని తెచ్చుకొని మొదటిదానిలో ఉంచితే 2(7 + 3y) + 5y = 3 అవుతుంది, అంటే 14 + 11y = 3, y = −1, x = 4. ఇక్కడ రెండు తప్పులు తరచుగా కనిపిస్తాయి. మొదటిది బ్రాకెట్ పెట్టకుండా 2 · 7 + 3y అని రాయడం. ప్రతిక్షేపించిన రాశికి ప్రతిసారీ బ్రాకెట్ పెట్టే అలవాటు ఉంటే ఇది జరగదు. రెండోది కొంచెం లోతైనది: x = 7 + 3y ను ఏ సమీకరణం నుంచి తెచ్చారో మళ్లీ అదే సమీకరణంలో ఉంచడం. అలా చేస్తే (7 + 3y) − 3y = 7, అంటే 7 = 7 అని వస్తుంది, పిల్లలు దానిని చూసి ఈ జతకు అనంతమైన సాధనలున్నాయని రాసేస్తారు. ఆ 7 = 7 చెప్పేది జత గురించి కాదు, ఒక సమీకరణం తనతో తాను సమానమని మాత్రమే. ఒక సమీకరణం నుంచి తెచ్చిన దానిని తప్పనిసరిగా రెండోదానిలోనే ఉంచాలి.

ఇక పేజీన్నర సాగిన రెండో జత. దీనిని రెండు విధాలుగానూ చేసి చూద్దాం, ఎందుకంటే ఎంపికకు కారణం ఇక్కడ కనిపించినంత స్పష్టంగా మరెక్కడా కనిపించదు. గుణకాలు 6, 5, 4, −3. ఏదీ 1 కాదు, −1 కాదు. అయినా ప్రతిక్షేపణతోనే మొదలుపెడితే ఇలా ఉంటుంది:

x = (8 − 5y)/6
4(8 − 5y)/6 − 3y = 18
32 − 20y − 18y = 108
−38y = 76
y = −2

నాలుగైదు వరుసలే కదా అనిపిస్తుంది. కాని రెండో వరుస నుంచి మూడో వరుసకు వెళ్లేటప్పుడు సమీకరణం మొత్తాన్ని 6తో గుణించాలి. భిన్నం ఉన్న పదానికి 6 కొట్టివేయబడుతుంది కనుక చేతికి ఆ పదం మీదే ధ్యాస ఉంటుంది. −3y ను −18y గా, 18 ను 108 గా మార్చడం మరచిపోవడం చాలా సులభం. మీ అమ్మాయి పేజీలో తప్పు ఎక్కడ దొర్లిందో వెతకాలంటే ముందుగా ఈ వరుసనే చూడండి. ఒకవేళ హారాన్ని తీసివేయకుండా భిన్నాలతోనే కూడికలు చేసుకుంటూ పోయి ఉంటే లెక్క పేజీన్నర సాగడంలో ఆశ్చర్యం లేదు.

అదే జతను తొలగింపుతో చేద్దాం. x ను తొలగించాలనుకుంటే 6, 4ల క.సా.గు. 12 కనుక మొదటి సమీకరణాన్ని 2తో, రెండోదానిని 3తో గుణించాలి:

12x + 10y = 16
12x − 9y = 54

మొదటిదాని నుంచి రెండోదానిని తీసివేస్తే 19y = −38, కనుక y = −2. దీనిని 6x + 5y = 8 లో ఉంచితే 6x = 18, x = 3. ఎక్కడా భిన్నం రాలేదు.

అయితే ఈ దారిలోనూ ఒక గుంట ఉంది. తీసివేసేటప్పుడు 10y నుంచి −9y ను తీసివేయాలి, అంటే 10y + 9y. ఇక్కడ తొందరపడి 10y − 9y = y అని రాసిన పిల్లలకు y = −38 వస్తుంది. దానిని మొదటి సమీకరణంలో ఉంచితే 6x = 8 + 190 = 198, x = 33. పూర్ణసంఖ్య వచ్చింది కనుక సమాధానం సరైనదే అనిపిస్తుంది. సరిచూడమంటే మొదటి సమీకరణంలో ఉంచి చూస్తారు: 6 × 33 − 5 × 38 = 198 − 190 = 8. సరిపోయింది! కాని ఆ x ను మొదటి సమీకరణం నుంచే తెచ్చారు, కనుక అందులో అది సరిపోకుండా ఎలా ఉంటుంది? y విలువ ఎంత తప్పైనా ఆ సమీకరణం ఒప్పుకుంటూనే ఉంటుంది. రెండోదానిలో ఉంచితే 4 × 33 + 3 × 38 = 246 వస్తుంది, రావలసింది 18. తప్పు అక్కడ మాత్రమే బయటపడుతుంది. చివరి విలువను ఏ సమీకరణం నుంచి రాబట్టారో దానిలో కాక, మిగిలినదానిలో సరిచూడాలి. ఈ ఒక్క అలవాటును మీ అమ్మాయికి తప్పక నేర్పండి, ఇది రెండు పద్ధతులకూ వర్తిస్తుంది.

ఈ జతలో తీసివేతతో వచ్చే ఇబ్బందిని అసలే తప్పించుకోవచ్చు. y గుణకాలు 5, −3. గుర్తులు వేరుగా ఉన్నాయి కనుక y ను తొలగించడానికి కూడిక చాలు. మొదటిదానిని 3తో, రెండోదానిని 5తో గుణిస్తే 18x + 15y = 24, 20x − 15y = 90 వస్తాయి. కూడితే 38x = 114, x = 3. గుణించే సంఖ్యలు కొంచెం పెద్దవయ్యాయి, కాని గుర్తులు మార్చే పని లేకుండా పోయింది. చిన్న సంఖ్యలు కావాలా, కూడిక కావాలా అంటే, గుర్తుల దగ్గర తడబడే పిల్లలకు నేను కూడికనే సూచిస్తాను. గుణకారంలో తప్పు జరిగితే తిరిగి చూసినప్పుడు కంటపడుతుంది, గుర్తులో జరిగిన తప్పు మాత్రం చదివిన ప్రతిసారీ సరిగానే ఉన్నట్టు కనిపిస్తుంది. తీసివేత తప్పనిసరి అయినచోట రెండో సమీకరణంలోని ప్రతి పదానికీ గుర్తు మార్చి, కింద మరోసారి రాసుకొని, ఆ తర్వాత కూడమని చెప్పండి. ఒక వరుస ఎక్కువైనా నష్టం లేదు. అలాగే ఒక సమీకరణాన్ని ఒక సంఖ్యతో గుణించినప్పుడు కుడివైపున ఉన్న స్థిరపదాన్ని గుణించడం మరచిపోవడం ఈ పద్ధతిలో రెండో సాధారణమైన తప్పు.

పైన చేసిన మూడు దారులలోనూ చివరి వరుసలను పక్కపక్కన పెట్టి చూడండి: −38y = 76, 19y = −38, 38x = 114. ఆ 38 మూడుసార్లూ ఏదో ఒక రూపంలో తిరిగి రావడం యాదృచ్ఛికం కాదు. గుణకాలను అడ్డంగా గుణించి తీసివేస్తే, అంటే 6 × (−3) − 4 × 5 చేస్తే, −38 వస్తుంది. గుణకాలు పూర్ణసంఖ్యలైనప్పుడు, ఏ చరరాశిని ఏ పద్ధతిలో తొలగించినా చివరికి మిగిలే చరరాశి ముందు ఈ సంఖ్యే, లేదా గుర్తు మారిన ఇదే సంఖ్య, లేదా ఉమ్మడి కారణాంకం పోగా మిగిలినది వస్తుంది. x ను తొలగించినప్పుడు 24కు బదులు క.సా.గు. 12 వాడుకున్నాం కనుక 38లో సగమైన 19 వచ్చింది. లెక్క మొదలుపెట్టే ముందు ఈ సంఖ్యను కాగితం అంచున రాసి పెట్టుకుంటే అది మంచి కాపలా. చివరి వరుసలో 38గాని 19గాని రావలసిన చోట ఉత్త y, అంటే 1, వచ్చినప్పుడు అనుమానించి వెనక్కి వెళ్లి చూడవచ్చు. పైన చెప్పిన తీసివేత తప్పు అలా అక్కడికక్కడే దొరికిపోతుంది.

నాలుగో జతలో జరిగినది కూడా ఈ సంఖ్యతోనే తేలుతుంది. అక్కడ అడ్డంగా గుణిస్తే 4 × (−9) − 6 × (−6) = −36 + 36 = 0. ఈ సంఖ్య సున్న అయితే ఒక చరరాశిని తొలగించబోయినప్పుడు రెండోది కూడా దానితోపాటే పోతుంది. మీ అమ్మాయికి 54 = 40 రావడం తప్పు కాదు, అది సరైన ఫలితమే. ఆమె x = (9 + 6y)/4 అని తీసుకొని, రెండోదానిలో ఉంచి, 4తో గుణించి ఉంటుంది. అప్పుడు 54 + 36y − 36y = 40 వస్తుంది, y లు పోయి 54 = 40 మిగులుతుంది. ఇది ఎప్పటికీ నిజం కాలేని మాట కనుక ఈ రెండు సమీకరణాలనూ ఒకేసారి తృప్తిపరిచే x, y విలువలు లేవు. అంటే ఇది అసంగత జత, గ్రాఫ్ గీస్తే రెండు సమాంతర రేఖలు వస్తాయి.

ఆమె చేసిన పని అంతా సరిగా ఉండి కూడా ఆమె తనను తాను అనుమానించుకోవలసి వచ్చింది. అందుకే ఈ జతకు తొలగింపే మేలని నా అభిప్రాయం. మొదటిదానిని 3తో, రెండోదానిని 2తో గుణిస్తే 12x − 18y = 27, 12x − 18y = 20 అని ఒకదాని కింద ఒకటి వస్తాయి. తీసివేయకముందే విషయం కంటికి కనబడుతుంది: ఒకే రాశి 27కూ 20కీ ఒకేసారి సమానం కాలేదు. తీసివేస్తే 0 = 7. ఇలాంటిది ఎదురైనప్పుడు అది జత స్వభావమా, తన పొరపాటా అనే సందేహం వస్తే, అడ్డగుణకారం చేసి చూడాలి. సున్న వస్తే జత స్వభావమే అలాంటిది. సున్న రాకపోతే ఆ జతకు తప్పనిసరిగా ఒకే ఒక సాధన ఉంటుంది కనుక ఎక్కడో పొరపాటు జరిగినట్టే. సున్న వచ్చిన జతలలో స్థిరపదాలు కూడా అదే నిష్పత్తిలో ఉంటే చివరికి 0 = 0 వస్తుంది, అప్పుడు అవి పరస్పరాధారిత సమీకరణాలు, సాధనలు అనంతం. ఇక్కడ 4/6, 6/9 రెండూ 2/3కు సమానం, కాని 9/10 కాదు.

ఐదో జత చాలా పాతది. 9వ శతాబ్దంలో రాష్ట్రకూట రాజు అమోఘవర్షుడి కాలంలో జీవించిన మహావీరాచార్యుడు తన గణితసారసంగ్రహంలో 9 మాదీఫలాలు, 7 వెలగపండ్లు కలిపి 107, 7 మాదీఫలాలు, 9 వెలగపండ్లు కలిపి 101 అయితే ఒక్కొక్కదాని వెల ఎంత అని అడిగాడు. పావులూరి మల్లన తెలుగులోకి తెచ్చినది ఈ గ్రంథాన్నే. మహావీరాచార్యుడు చెప్పిన సూత్రం ప్రకారం 107ను 9తో, 101ని 7తో గుణించి తీసివేయాలి, అంటే 963 − 707 = 256. దానిని 9, 7ల వర్గాల భేదమైన 32తో భాగిస్తే 8 వస్తుంది, అది మాదీఫలం వెల. జాగ్రత్తగా చూస్తే ఇది y ను తొలగించడమే: మొదటి సమీకరణాన్ని 9తో, రెండోదానిని 7తో గుణిస్తే రెండింటిలోనూ 63y వస్తుంది, తీసివేస్తే 32x = 256.

ఇలాంటి జతలో x, y గుణకాలు ఒకదానిలో ఉన్నవే రెండోదానిలో తారుమారై ఉంటాయి. అప్పుడు గుణకారం కూడా అక్కరలేదు. రెండింటినీ ఉన్నవి ఉన్నట్టే కూడితే 16x + 16y = 208, అంటే x + y = 13. ఉన్నవి ఉన్నట్టే తీసివేస్తే 2x − 2y = 6, అంటే x − y = 3. ఇక్కడి నుంచి x = 8, y = 5. ఇదీ తొలగింపు కుటుంబానికి చెందినదే. దీనిని ప్రతిక్షేపణతో చేస్తే 7తోనో 9తోనో భాగించి 107ను హారం మీద మోయాలి. పరీక్షలో మూడంకెల గుణకాలతో ఇలాంటి జత కనిపిస్తే భయపడకుండా, అవి తారుమారై ఉన్నాయేమో ముందు చూడమనండి.

ఆరో జతకు పద్ధతి ఎంచుకునే ముందు భిన్నాలను తీసివేయాలి. మొదటిదానిని 6తో, రెండోదానిని 12తో గుణిస్తే 3x + 2y = 24, 3x − 2y = 0 అవుతాయి. కూడితే 6x = 24, x = 4, y = 6. భిన్నాలు ఉన్నంతసేపూ గుణకాలు తమ అసలు స్వరూపం చూపించవు, అందుకే ఎంపిక తర్వాతి మాట.

మొదట చెబుతానన్న మినహాయింపు ఇది. 1 కనబడగానే ప్రతిక్షేపణకు పరుగెత్తవలసిన పని లేదు. ఉదాహరణకు x + 8y = 19, 5x − 8y = −1 అనే జతలో x గుణకం 1 ఉంది. ప్రతిక్షేపణ చేయవచ్చు, కాని y గుణకాలు 8, −8 గా ఎదురెదురుగా సిద్ధంగా ఉన్నాయి. కూడితే ఒక్క వరుసలో 6x = 18, x = 3, y = 2. కనుక గుణకాలు సమానంగా ఉన్నాయా, లేదా సంఖ్య ఒకటే అయి గుర్తులు వేరుగా ఉన్నాయా అన్నది ముందు చూసి, అలా లేనప్పుడు 1 కోసం వెతకాలి. మూడో జత లాంటి వాటిలో ఏ పద్ధతి తీసుకున్నా దాదాపు సమానమైన శ్రమే. అక్కడ మీ అమ్మాయికి ఇష్టమైన ప్రతిక్షేపణను వదలమని నేను అనను.

సమాధానాలు భిన్నాలుగా వచ్చే జతలలో తొలగింపుకు మరో ప్రయోజనం ఉంది. 3x + 5y = 4, 7x − 2y = 3 అనే జతలో x ను తొలగిస్తే 41y = 19, y = 19/41 వస్తుంది. ఈ 19/41ను తిరిగి సమీకరణంలో ఉంచి x కనుక్కోవడం చిరాకైన పని. దానికి బదులు ఇచ్చిన జతకే తిరిగి వచ్చి ఈసారి y ను తొలగించాలి: 6x + 10y = 8, 35x − 10y = 15, కూడితే 41x = 23, x = 23/41. రెండింటికీ హారం 41 రావడమే, పైన చెప్పిన అడ్డగుణకారం సంఖ్య వల్ల, పని సరిగా సాగిందనడానికి ఒక గుర్తు. అయితే ఇలా రెండుసార్లు తొలగించినప్పుడు రెండు విలువలనూ రెండు సమీకరణాలలోనూ సరిచూడాలి, ఎందుకంటే ఏ విలువా ఏ ఒక్క సమీకరణం నుంచీ నేరుగా రాలేదు.

ఇక రాయవలసిన వాక్యం. "ఈ పద్ధతి సులభం కనుక" అని రాస్తే అది కారణం కాదు, ఎందుకు సులభమో చెప్పాలి. మూడో జతకు "రెండో సమీకరణంలో x గుణకం 1 కనుక భిన్నాలు రాకుండా x ను ఒంటరిగా రాయవచ్చు, అందువల్ల ప్రతిక్షేపణ పద్ధతిని ఎంచుకున్నాను" అని రాయవచ్చు. రెండో జతకు "ఏ గుణకమూ 1 గాని −1 గాని కాదు, y గుణకాల గుర్తులు వేరు, కనుక 3తోనూ 5తోనూ గుణించి కూడితే y పోతుంది, అందువల్ల తొలగింపు పద్ధతిని ఎంచుకున్నాను" అనవచ్చు. వాక్యంలో ఆ జతలోని సంఖ్య ఒకటైనా కనిపించాలి. ఏ సంఖ్యా లేని వాక్యం ఏ జతకైనా అతుకుతుంది, అందుకే అది ఎంపికకు కారణం కాలేదు.

చివరగా, ప్రశ్నలోనే పద్ధతి పేరు ఇచ్చి ఉంటే ఎంచుకునే అవకాశం ఉండదు, ఆ పద్ధతిలోనే చేయాలి. రెండో జత లాంటిదానిని ప్రతిక్షేపణలో చేయమంటే, హారాన్ని మోయకుండా చేసే ఒక ఉపాయం ఉంది. మొదటి సమీకరణం నుంచి x దాకా వెళ్లకుండా 6x = 8 − 5y దగ్గరే ఆగాలి. రెండో సమీకరణాన్ని 3తో గుణిస్తే 12x − 9y = 54. ఇక్కడి 12x అంటే రెండు 6xలు, కనుక దాని స్థానంలో 2(8 − 5y) ఉంచవచ్చు. అప్పుడు 16 − 10y − 9y = 54, అంటే −19y = 38, y = −2. ఉంచినది x కాకపోయినా 6x ను ఉంచడం కూడా ప్రతిక్షేపణే, అందులో నియమభంగం ఏమీ లేదు. అయితే దిద్దేవారికి సందేహం రాకుండా "6x విలువను ప్రతిక్షేపించగా" అని ఆ వరుస పక్కన రాయమని మీ అమ్మాయికి చెప్పండి.